బంతిని ఆపకండి, తీసుకుపోండి!

పిల్లలూ! ఈ నెల ఆటల పేజీకి వచ్చిన ఉత్తరాలలో ఒకటి వర్ధన్నపేట నుంచి వచ్చింది. రాసిన కుర్రవాడు ఆరో తరగతి చదువుతున్నాడు. ఉత్తరం చిన్నదే గాని, అందులోని బాధ చాలామందిది. అందుకని దాన్ని ముందు మీకు వినిపిస్తాను:

"అన్నయ్యా, సాయంత్రాలు మేము కోత అయిన పొలంలో ఫుట్‌బాల్ ఆడతాము. నేను బంతిని బాగానే ఆపగలను. ఎంత వేగంగా వచ్చినా అరికాలు కింద పెట్టి టక్కున ఆపేస్తాను. కాని ఆపి తల ఎత్తేసరికి అవతలివాడు వచ్చి బంతిని తన్నుకుపోతాడు. రోజూ ఇంతే. ఇప్పుడు మావాళ్ళు నాకు బంతి ఇవ్వటమే మానేశారు. 'నీకిస్తే వాళ్ళకిచ్చినట్టే' అంటున్నారు. నేను ఇంకా వేగంగా పరుగెత్తటం నేర్చుకోవాలా?"

నాయనా, అక్కర్లేదు. నీ తప్పు కాళ్ళ వేగంలో లేదు. బంతిని ఆపటంలోనే ఉన్నది!

"ఆపటం తప్పెలా అవుతుంది?" అని మీకు అనిపించవచ్చు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మీ స్నేహితుడు పది మీటర్ల దూరం నుంచి మీకు బంతి పంపాడనుకోండి. బంతి సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో వస్తున్నది. అంటే మిమ్మల్ని చేరటానికి దానికి సెకనుంబావు పడుతుంది. అవతలి జట్టువాడు మీకు ఆరు మీటర్ల దూరంలో ఉన్నాడు. బంతి కదలగానే వాడూ కదిలాడు. మీ వయసు పిల్లవాడు నిలబడ్డచోటు నుంచి బయలుదేరినా, సగటున సెకనుకు నాలుగు మీటర్లు పరుగెత్తగలడు. సెకనుంబావులో అయిదు మీటర్లు వచ్చేస్తాడు. బంతి మీ కాలికి తగిలేసరికి వాడు ఒక్క మీటరు దూరంలో ఉంటాడు. ఆ మీటరు దాటటానికి వాడికి పావు సెకను చాలు.

ఇప్పుడు మీ సంగతి చూడండి. మీరు బంతిని ఆపాలి, తల ఎత్తాలి, ఎటు పోవాలో చూడాలి, మళ్ళీ కాలెత్తి తన్నాలి. ఇదంతా ఎంత చురుకైనవాడికైనా అర సెకనులోపల అయ్యే పని కాదు. మీ దగ్గర ఉన్నది పావు సెకను. కావలసినది అర సెకను. ఇక బంతి పోక ఏమవుతుంది?

ఈ లెక్కలోనే ఉపాయం కూడా ఉన్నది. అవతలివాడు పరుగెత్తి వస్తున్నాడు కద. పరుగులో ఉన్నవాడు ఉన్నట్టుండి ఆగలేడు, పక్కకు తిరగనూ లేడు. కదిలే వస్తువు తిన్నగా పోవాలనే చూస్తుందని మీరు సైన్సు పుస్తకంలో చదివారు. బస్సు టక్కున ఆగితే మనం ముందుకు తూలేది అందుకే. అవతలివాడు కూడా రెండు మూడు అడుగులు వేస్తేగాని తిరగలేడు. వాడు ఏ చోటుకు దూసుకువస్తున్నాడో, ఆ చోట బంతి లేకుండా చేస్తే చాలు! బంతి మీ కాలికి మొదటిసారి తగలటమే ఖాళీగా ఉన్న వైపుకు కదిలేటట్టు తగలాలి. అప్పుడు ఆపటం, చూడటం, తన్నటం అని మూడు పనులు ఉండవు. అన్నీ ఒకే తాకులో అయిపోతాయి. ఆటగాళ్ళు దీన్ని "ఫస్ట్ టచ్" అంటారు. మనం "తొలి తాకు" అందాం.

మరి చూడటం మాటేమిటి? అది బంతి రాకముందే అయిపోవాలి. ఈ సంగతి అన్నిటికన్న ముఖ్యం. బంతి మీ స్నేహితుడి కాలి దగ్గర ఉండగానే ఒకసారి భుజం మీదుగా వెనక్కు చూడండి. బంతి బయలుదేరి సగం దారిలో ఉండగా రెండోసారి చూడండి. రెప్పపాటు చాలు. ఎవడు ఎటునుంచి వస్తున్నాడు, ఏ వైపు ఖాళీ ఉన్నది, ఈ రెండే తెలుసుకోవాలి. ఆ తరవాత మాత్రం కళ్ళు బంతి మీదనే ఉండాలి. కోత అయిన పొలంలో మొళ్ళు ఉంటాయి, నేల గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. బంతి చివరి మీటరులో ఎగిరిపడవచ్చు. అది చూడకపోతే, మీరు ఎన్ని ఉపాయాలు నేర్చినా బంతి మీ కాలి మీదుగా దూకిపోతుంది.

సరే, చూశారు. ఇప్పుడు పాదం పని. మన పాదానికి ఒకటే ముఖం కాదు, చాలా ముఖాలు ఉన్నాయి. బొటనవేలి వైపున ఉన్నది లోపలి వైపు. చిటికెనవేలి వైపున ఉన్నది బయటి వైపు. కింద అరికాలు, పైన మీగాలు. ఎటునుంచి ప్రమాదం వస్తున్నదో దాన్నిబట్టి ఏ ముఖం వాడాలో తేలుతుంది. మన వర్ధన్నపేట కుర్రవాణ్ణే పొలం మధ్య నిలబెట్టి చూద్దాం.

అతను ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. బంతి పంపే స్నేహితుడు ఉత్తరాన ఉన్నాడు. అవతలి జట్టు గోలు అతని వెనక, దక్షిణాన ఉన్నది. భుజం మీదుగా చూశాడు. ప్రత్యర్థి వెనకనుంచి, కుడిభుజం వైపుగా వస్తున్నాడు. అంటే ఆగ్నేయ మూల నుంచి. పడమటి వైపు ఖాళీగా ఉన్నది.

ఇక్కడ పాదం లోపలి వైపు పనికివస్తుంది. కుర్రవాడు బంతి వచ్చేలోపల పడమటి వైపుకు తిరగాలి. ఇప్పుడు బంతి అతని కుడిచేతి వైపునుంచి వస్తున్నది. అవతలి గోలు ఎడమచేతి వైపున ఉన్నది. అతను బంతిని కుడికాలితో ఆపకూడదు. దాన్ని కుడికాలి ముందునుంచి పోనిచ్చి, అవతలనున్న ఎడమకాలి లోపలి వైపుతో అందుకోవాలి. ఎడమపాదాన్ని కొంచెం బయటికి తిప్పి ఏటవాలుగా పెడితే, ఉత్తరం నుంచి వచ్చిన బంతి గోడకు ఏటవాలుగా తగిలినట్టు తగిలి పడమటికి మళ్ళుతుంది. ఆ వెంటనే కుర్రవాడు దాని వెంట అడుగు వేస్తాడు. ప్రత్యర్థి వచ్చేసరికి వాడికి కుర్రవాడి వీపు తప్ప ఏమీ దొరకదు. అంతేకాదు, కుర్రవాడు ఇప్పుడు పక్కకు తిరిగి ఉన్నాడు గనక అవతలి గోలు కూడా అతనికి కనిపిస్తున్నది!

"ఎడమకాలు ఎందుకు? కుడికాలితో అందుకుంటే ఏం?" అంటారా? కుడికాలు స్నేహితుడికి దగ్గరగా ఉన్నది. దానితో అందుకుంటే బంతి ఒంటికి ఇవతలే ఆగుతుంది. దాన్ని ముందుకు తీసుకుపోవటానికి మళ్ళీ తిరగాలి, ఇంకో తాకు కావాలి. దూరపు కాలితో అందుకుంటే తిరగటం అందులోనే అయిపోతుంది.

ఇప్పుడు ప్రత్యర్థిని అటువైపు పెడదాం. వాడు వెనకనుంచే, కాని ఎడమభుజం వైపుగా వస్తున్నాడు. తూర్పు ఖాళీగా ఉన్నది. ఇటువంటప్పుడు తిరిగి నిలబడే వ్యవధి ఉండకపోవచ్చు. అప్పుడు కుడిపాదం బయటి వైపు ఆదుకుంటుంది. ఎడమకాలి మీద బరువు వేసి, మోకాలు కొంచెం వంచి, కుడిపాదం వేళ్ళను నేలవైపుకు, కొంచెం లోపలికి తిప్పాలి. చీలమండ బిగించి ఉంచాలి. చిటికెనవేలి మొదలు దగ్గరి ఎముక మీదుగా బంతిని కుడికి, అంటే తూర్పుకు, నెట్టాలి. ఇది తన్నటం కాదు, తలుపు రెక్కను పక్కకు తోసినట్టు ఉండాలి. ఆ పాదమే వెంటనే మొదటి అడుగు అవుతుంది గనక పరుగు తెగదు. ఎడమభుజమూ వీపూ ప్రత్యర్థికీ బంతికీ మధ్య గోడలాగా ఉంటాయి. బయటి వైపుతో ఉన్న లాభం ఈ చురుకుదనమే. లోపం ఏమిటంటే ఆ వైపు పాదం సన్నగా ఉంటుంది, అందువల్ల బంతి బాగా వేగంగా వచ్చినా, ఎగిరి వచ్చినా పట్టు తప్పుతుంది. వేగంగా వచ్చే బంతికి లోపలి వైపే నమ్మకమైనది.

మూడో సంగతి. ప్రత్యర్థి వెనకనుంచి కాదు, ఎదురుగానే వస్తున్నాడు. కాలు చాచి బంతి మీదికి దూకబోతున్నాడు. వాడు కాలు చాచాడంటే బరువంతా ముందుకు వేసేశాడన్న మాట. ఇక్కడ మన కుర్రవాడికి ఇష్టమైన అరికాలు పనికివస్తుంది. అయితే ఆపటానికి కాదు! మడమ కిందికీ వేళ్ళు పైకీ ఉంచి, అరికాలి ముందు భాగంతో బంతి పైభాగాన్ని తాకి, తన వైపుకు లాగాలి. బంతి ఒక అడుగు వెనక్కు దొర్లుతుంది. ప్రత్యర్థి కాలు ఖాళీ నేలను తన్నుతుంది. అప్పుడు అదే పాదం లోపలి వైపుతో బంతిని పక్కకు తోసి వెళ్ళిపోవచ్చు. ఒంటి బరువు మాత్రం బంతి మీద వెయ్యకూడదు. వేస్తే బంతి జారి మీరు వెల్లకిలా పడతారు. నేల తడిగా ఉంటే ఈ పద్ధతి జోలికి పోకండి.

మీగాలి పని పైనుంచి పడే బంతి దగ్గర. బంతి పడేటప్పుడు పాదాన్ని ముందుగా కొంచెం ఎత్తి, బంతి తాకగానే దానితోపాటే కిందికి దించాలి. పైనుంచి వేసిన మామిడిపండును పట్టుకునేవాడు చేతులు గట్టిగా పెట్టడు, పండుతోపాటు కిందికి దించుతాడు. లేకపోతే పండు చితుకుతుంది. ఇదీ అంతే. పడిన బంతిని ఎటు తీసుకుపోవాలో, ఆ తరవాతి అడుగుతో అటు మళ్ళించవచ్చు.

ఇక, బంతి ఎంత దూరం పోవాలి? అవతలివాడు దగ్గరలో ఉంటే అది మీకు ఒక మీటరు, మహా అయితే మీటరున్నర దూరంలో ఉండాలి. మీ రెండో అడుగుకు మళ్ళీ అందాలి. ఇదే కొలత. మొదటి అడుగుకే కాళ్ళ కింద పడితే అది మిమ్మల్ని తొట్రుపడేట్టు చేస్తుంది. నాలుగైదు అడుగులు పరుగెత్తితేగాని అందకపోతే అది మీ బంతి కాదు, ఎవడు ముందు చేరితే వాడిది. ఎదర బోలెడు ఖాళీ ఉండి, దగ్గర ఎవరూ లేకపోతే మాత్రం మూడు నాలుగు మీటర్లు పోనివ్వవచ్చు.

చేసేటప్పుడు తప్పు ఎక్కడున్నదో బంతే చెపుతుంది. బంతి గాలిలోకి లేస్తే, మీ పాదం దాని అడుగున తగిలిందన్న మాట. నడిమికో, నడిమికి కొంచెం పైనో తగలాలి. బంతి దూరంగా ఎగిరిపోతే, మీరు దాన్ని ఎదురువెళ్ళి కొట్టారన్న మాట. తాకే క్షణంలో కాలిని కొంచెం వెనక్కు తియ్యాలి. బంతి కాళ్ళ మధ్య ఇరుక్కుంటే, మీరు రెండు పాదాలూ నేలకు అతికించి నిలబడ్డారన్న మాట. మోకాళ్ళు కొంచెం వంచి, మునివేళ్ళ మీద తేలికగా ఉండాలి. అన్నీ సరిగా చేసినా బంతి తిన్నగా ప్రత్యర్థి కాళ్ళ దగ్గరికి పోయిందా? అయితే తప్పు పాదానిది కాదు. మీరు భుజం మీదుగా చూడలేదు!

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. తెలివైన ప్రత్యర్థి దూసుకురాడు. రెండు మీటర్ల దూరంలో వేగం తగ్గించి, పక్కకు తిరిగి, మీరు ఎటు పోతారో కనిపెడుతూ నిలబడతాడు. వాణ్ణి తొలి తాకుతో దాటిపోలేరు. అటువంటప్పుడు బంతిని వాడికి దూరంగా ఉన్న కాలికి తీసుకుని, మధ్యన మీ ఒళ్ళు అడ్డుపెట్టి, వెనకనున్న మీవాడికి ఇచ్చెయ్యండి. అదేమీ ఓటమి కాదు.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన ఉండేవారు. వృత్తికి బడిపంతులు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకూ, తరవాత భారతదేశపు జట్టుకూ శిక్షకులుగా ఉన్నారు. ఆయన శిక్షణలో ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆ రోజుల్లో మన ఆటగాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడేవారు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా జట్టు మనవాళ్ళను 10–1 తేడాతో ఓడించింది. ఆ తరవాత బూట్లు వేసుకునే ఆడాలన్న నియమం వచ్చింది. ఉత్తకాలికి బంతి తగలటం ఒక రకం, తోలు బూటుకు తగలటం ఇంకో రకం. తొలి తాకును మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసివచ్చింది. రహీంగారు తన శిష్యులకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని దగ్గర ఉంచుకుని తిప్పుతూ పోవటం నిషిద్ధం. అందిన బంతిని వెంటనే ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి! ఇప్పుడు ఆలోచించండి. బంతిని వెంటనే ఇవ్వాలంటే, అది వచ్చే ముందే చుట్టూ చూసి ఉండాలి. ఎడమకాలు చేతకానివాడు పడమటి వైపు ఖాళీగా ఉన్నా అటు పోలేడు. పైన మనం చెప్పుకున్న రెండు సంగతులూ ఆ పోటీలలో ఇమిడి ఉన్నాయి.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలు చేరారు. అక్కడ మళ్ళీ యుగోస్లావియాయే ఎదురయింది. ఈసారి 4–1తో ఓడారు. చివరకు మన జట్టుకు నాలుగో స్థానం దక్కింది. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనలులో మనవాళ్ళు దక్షిణ కొరియాను 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టు శిక్షకులు కూడా రహీంగారే. ఆ మరుసటి ఏడే, 1963లో, ఆయన కన్నుమూశారు.

ఇక మీరు సాధన చెయ్యటం ఎలాగో చెపుతాను. ముగ్గురు చాలు. మధ్యన నిలబడేవాడికి ఎడమవైపు మూడు అడుగుల దూరంలో రెండు చెప్పులు, కుడివైపు అలాగే రెండు చెప్పులు పెట్టండి. ఒక్కొక్క జత మధ్య పెద్ద అంగ పట్టేటంత సందు ఉండాలి. అవి రెండు ద్వారాలు. ఒకడు పది మీటర్ల అవతలనుంచి నేల మీద బంతి పంపాలి. మూడోవాడు మధ్యవాడి వెనక ఆరు మీటర్ల దూరంలో నిలబడాలి. బంతి కదలగానే, తన ఇష్టం వచ్చిన భుజం వైపునుంచి రావాలి. మధ్యవాడు చూసుకుని, వాడు రాని వైపు ద్వారంలోనుంచి బంతిని తీసుకుపోవాలి. రెండో అడుగుకు బంతి మళ్ళీ కాలికి తగిలితేనే లెక్క.

మొదటి రోజు వెనకవాడు నడిచి రావాలి. పదింటికి ఏడు సార్లు గెలిచేవరకూ నడకే. తరవాత చిన్న పరుగు. ఆ తరవాతనే పూర్తి పరుగు. ఒంటరిగా ఉన్న రోజున గోడకు అయిదడుగుల దూరంలో నిలబడి బంతిని తన్ని, తిరిగివచ్చినదాన్ని ఒకసారి ఎడమకూ, ఒకసారి కుడికీ మళ్ళించండి. ఆకేరు వాగు ఇసుకలో ఆడే పిల్లలు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఇసుకలో బంతి ఎక్కువ దొర్లదు. అక్కడ సరిపోయిన తోపు గట్టినేల మీద రెండింతల దూరం పోతుంది. అందుకని పందెం ఏ నేల మీద ఆడబోతారో, సాధన కూడా ఆ నేల మీదనే చెయ్యండి.

పెద్దలకు ఒక మనవి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు నాలుగో నంబరు బంతి కొనిపెట్టండి. పెద్దవాళ్ళు ఆడే అయిదో నంబరు బంతి వాళ్ళ పాదానికి పెద్దదీ, బరువైనదీను. గాలి బొత్తిగా రాయిలాగా కొట్టించకండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. ఇంకొకటి, ఉత్తకాళ్ళ పిల్లలూ బూట్ల పిల్లలూ కలిసి ఆడటం మంచిది కాదు. అరికాలితో బంతిని లాగేటప్పుడు బూటు కింద పడిన వేళ్ళు నలిగిపోతాయి.

వర్ధన్నపేట తమ్ముడూ! నువ్వు రేపు పొలానికి వెళ్ళినప్పుడు, బంతి ఇవ్వమని ఎవర్నీ బతిమాలకు. ముందుగా ఇద్దరు స్నేహితులతో ఆ చెప్పుల ద్వారాల ఆట ఆడు. పూర్తి పరుగుతో వచ్చేవాడి మీద పదింటికి ఏడు గెలిచిన రోజున మీవాళ్ళకు ఆ ఆట చూపించి, "ఇప్పుడివ్వండి" అను. ఆ తరవాత ఏమయిందో నాకు ఉత్తరం రాయి. వచ్చే నెల పేజీ దానితోనే మొదలుపెడదాం.

మీ అన్నయ్య